లబ్ధం మారదు, కరిగేది మారుతుంది

ద్రావణీయతా లబ్ధం లెక్కల్లో తడబడే విద్యార్థుల జవాబు పత్రాలు చూస్తే, తప్పు గణితంలో ఉండటం అరుదు. ఘనమూలాలు సరిగానే తీస్తారు, పది ఘాతాలు సరిగానే కలుపుతారు. తప్పు అంతకంటే ముందే, లెక్క మొదలుపెట్టే మాటలోనే జరిగిపోతుంది. ‘ద్రావణీయత’, ‘ద్రావణీయతా లబ్ధం’ అనే రెండు మాటలూ ఒకేలా వినిపించడం వల్ల రెండూ ఒకటే అనుకుంటారు. ఒక లవణం లీటరు నీటిలో ఎంత కరుగుతుందన్నది ద్రావణీయత. నీటిలో అప్పటికే ఏముందో దాన్ని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. సంతృప్త ద్రావణంలో ఆ లవణపు అయాన్ల గాఢతలను వాటి వాటి ఘాతాలకు పెంచి గుణిస్తే వచ్చేది ద్రావణీయతా లబ్ధం. ఉష్ణోగ్రత మారనంత వరకు అది మారదు. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఇదొక్కటే: కదలని సంఖ్య ఏది, కదిలే సంఖ్య ఏది అన్నది ముందు తేల్చుకుంటే, ఉమ్మడి అయాన్ లెక్కలన్నీ ఒకే లెక్కగా కనిపిస్తాయి. దీన్ని కాల్షియం ఫ్లోరైడ్ మీద చూద్దాం. పాఠ్యపుస్తకాల్లో సిల్వర్ క్లోరైడే ఎక్కువగా కనిపిస్తుంది కానీ, నల్లగొండ, ప్రకాశం జిల్లాల బావినీళ్లతో సంబంధం ఉన్నది కాల్షియం ఫ్లోరైడుకే. పైగా అందులో రెండు అయాన్ల సంఖ్యా సమానం కాదు కాబట్టి, సిల్వర్ క్లోరైడ్ దాచిపెట్టే చిక్కులన్నీ ఇందులో బయటపడతాయి.

ఘనరూపంలో ఉన్న కాల్షియం ఫ్లోరైడ్ నీటిలో కరిగినప్పుడు ఒక Ca²⁺ అయాను, రెండు F⁻ అయాన్లు విడిపోతాయి. అందుకని Ksp = [Ca²⁺][F⁻]² అని రాస్తాం. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర దీని విలువ సుమారు 3.45×10⁻¹¹. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. కుండలీకరణాల్లో ఉన్నవి ద్రావణంలోని అయాన్ల గాఢతలు. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్న ఆ సమీకరణానికి లేదు. శుద్ధమైన నీటిలో మాత్రం ఆ అయాన్లన్నీ ఈ లవణం నుంచే రావాలి. లీటరుకు s మోల్‌లు కరిగాయనుకుంటే కాల్షియం గాఢత s, ఫ్లోరైడ్ గాఢత 2s. సమీకరణంలో పెడితే s × (2s)² = 4s³ = 3.45×10⁻¹¹. నాలుగుతో భాగిస్తే s³ = 8.6×10⁻¹². ఘనమూలం తీస్తే s = 2.05×10⁻⁴ మోల్‌లు. ఒక మోల్ కాల్షియం ఫ్లోరైడ్ బరువు 78 గ్రాములు కాబట్టి లీటరు నీటిలో సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుందన్నమాట. అందులో ఫ్లోరైడ్ వాటా లీటరుకు 4.1×10⁻⁴ మోల్‌లు, అంటే సుమారు 7.8 మిల్లీగ్రాములు. ఈ 7.8 అనే సంఖ్యను పక్కన రాసి పెట్టుకోండి, తర్వాత దీనితో పనుంది. ‘రెండు ఒకసారి గుణకంగా, ఇంకోసారి ఘాతంగా ఎందుకు రావాలి? ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కించినట్టు కాదా?’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన సందేహమే. గుణకంగా వచ్చిన రెండు, ఫ్లోరైడ్ ఎంత ఉందో చెబుతోంది. ఘాతంగా వచ్చిన రెండు, ఆ ఉన్నదాన్ని సమతాస్థితి సమీకరణంలో ఎలా వాడాలో చెబుతోంది. రెండూ వేర్వేరు పనులు. ఈ తేడా ఇక్కడ స్పష్టమైతే ఉమ్మడి అయాన్ దగ్గర తప్పు జరగదు.

లబ్ధం, ద్రావణీయత ఒకటి కావనడానికి గట్టి సాక్ష్యం కావాలంటే రెండు లవణాలను పక్కపక్కన పెట్టి చూడండి. సిల్వర్ క్లోరైడ్ లబ్ధం 1.8×10⁻¹⁰. కాల్షియం ఫ్లోరైడ్ లబ్ధం అందులో అయిదో వంతు మాత్రమే. లబ్ధం చిన్నదైతే తక్కువ కరుగుతుందనుకునేవారు కాల్షియం ఫ్లోరైడే తక్కువ కరుగుతుందని రాసేస్తారు. కానీ సిల్వర్ క్లోరైడ్‌లో s × s = 1.8×10⁻¹⁰ కాబట్టి s = 1.34×10⁻⁵ మోల్‌లు. మోల్‌ల లెక్కన కాల్షియం ఫ్లోరైడే దాదాపు 15 రెట్లు ఎక్కువ కరుగుతోంది. ఒకదాని లబ్ధం రెండు గాఢతల గుణకారం, మరొకదానిది మూడు గాఢతల గుణకారం. చిన్న సంఖ్యలను ఎన్నిసార్లు గుణిస్తే అంత చిన్నవవుతాయి కాబట్టి ఆ రెండు లబ్ధాలను నేరుగా పోల్చడం కుదరదు. ఒకే తరహా అయాన్ల సంఖ్య ఉన్న లవణాల మధ్య మాత్రమే లబ్ధాన్ని చూసి ఏది ఎక్కువ కరుగుతుందో చెప్పవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అదే కాల్షియం ఫ్లోరైడును శుద్ధజలంలో కాకుండా 0.010 మోలార్ సోడియం ఫ్లోరైడ్ ద్రావణంలో వేశాం. నీటిలో అప్పటికే ఫ్లోరైడ్ ఉంది. పాఠ్యపుస్తకం దీన్ని ఉభయసామాన్య అయాన్ ప్రభావం అంటుంది. మనం ఉమ్మడి అయాన్ అందాం. కరిగిన కాల్షియం s. ఫ్లోరైడ్ మాత్రం 0.010 + 2s. s చాలా చిన్నదవుతుందని ఊహించి 2s ను వదిలేస్తే, s × (0.010)² = 3.45×10⁻¹¹. అంటే s = 3.45×10⁻⁷ మోల్‌లు. శుద్ధజలంలో కరిగినదానిలో ఇది దాదాపు ఆరువందో వంతు. వదిలేసిన 2s విలువ 6.9×10⁻⁷, 0.010 పక్కన అది లెక్కలోకి రాదు కాబట్టి మన ఊహ నిలబడింది. ఇదే గాఢతలో ఉమ్మడి అయాన్ ఫ్లోరైడ్ కాకుండా కాల్షియం అయితే ఏమవుతుందో చూడండి. 0.010 మోలార్ కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో కాల్షియం 0.010 + s, ఫ్లోరైడ్ 2s. కాబట్టి 0.010 × 4s² = 3.45×10⁻¹¹. s² = 8.6×10⁻¹⁰, s = 2.94×10⁻⁵ మోల్‌లు. ఇక్కడ తగ్గుదల ఏడు రెట్లే. ఒకే లవణం, ఒకే గాఢత ఉన్న ఉమ్మడి అయాన్, ఒకచోట ఆరువందల రెట్లు, మరోచోట ఏడు రెట్లు. కారణం సమీకరణంలోనే ఉంది. ఫ్లోరైడ్ మీద వర్గం ఉంది కాబట్టి దాన్ని పెంచితే దెబ్బ రెండింతల ఘాతంతో పడుతుంది. కాల్షియాన్ని పెంచినప్పుడు వర్గంలో చిక్కుకున్నది మనకు కావలసిన s కాబట్టి వర్గమూలం తీయవలసి వస్తుంది, తగ్గుదల నెమ్మదిస్తుంది. సిల్వర్ క్లోరైడుతోనే అభ్యాసం చేసినవారికి ఈ తేడా ఎప్పటికీ కనబడదు. అక్కడ ఏ అయాన్ కలిపినా ఫలితం ఒకటే.

ఈ లెక్కలో తరచుగా జరిగే తప్పులు రెండు. మొదటిది, సోడియం ఫ్లోరైడ్ నుంచి వచ్చిన 0.010 ను కూడా రెండుతో గుణించి (0.020)² అని వేయడం. సోడియం ఫ్లోరైడ్‌లో ఫ్లోరైడ్ ఒక్కటే ఉంటుంది; రెండు ఉన్నది కాల్షియం ఫ్లోరైడ్‌లో. ఏ అయాన్ ఏ లవణం నుంచి వచ్చిందో ఆ లవణపు సూత్రాన్ని చూసి దాని గాఢత రాయాలి. అన్నిచోట్ల నుంచి వచ్చినదంతా కూడి ఒకే సంఖ్యగా చేశాకే వర్గం చేయాలి. రెండో తప్పు దొరకడం కాస్త కష్టం. ఉమ్మడి అయాన్ మరీ పలుచగా ఉన్నప్పుడు కూడా s ను అలవాటుగా వదిలేస్తారు. కాల్షియం 0.00010 మోలార్ ఉన్న నీటిని తీసుకోండి. s ను వదిలేస్తే 0.00010 × 4s² = 3.45×10⁻¹¹, జవాబు s = 2.94×10⁻⁴. దీన్ని శుద్ధజలపు జవాబు 2.05×10⁻⁴ తో పోల్చండి. ఉమ్మడి అయాన్ ఉన్నప్పుడు ఎక్కువ కరిగిందని మన లెక్క చెబుతోంది, అది అసంభవం. తప్పు ఎక్కడుందో ఆ పోలికే చూపిస్తోంది: కరిగి వచ్చే కాల్షియం, ముందే ఉన్న కాల్షియం కంటే తక్కువేమీ కాదు, దాన్ని వదలడానికి వీల్లేదు. (0.00010 + s) × 4s² అని పూర్తిగా రాసి, s స్థానంలో సంఖ్యలు వేసి సరిచూస్తూ పోతే 1.77×10⁻⁴ దగ్గర లబ్ధం సరిపోతుంది. శుద్ధజలంలో కంటే కొంచెం తక్కువ, అంతే ఉండాలి కూడా. కాబట్టి ఉమ్మడి అయాన్ లెక్క చేసిన ప్రతిసారీ జవాబును శుద్ధజలపు జవాబు పక్కన పెట్టి చూడండి. దానికంటే ఎక్కువ వస్తే, లేదా దానికి దగ్గరగా వస్తే, వదిలేసిన పదాన్ని మళ్లీ తీసుకురావాలి.

‘ఇంత లెక్క ఎందుకు, లె షాట్లియే సూత్రం చెబితే సరిపోదా? ఉమ్మడి అయాన్ పెంచితే సమతాస్థితి వెనక్కి జరుగుతుంది, లవణం అవక్షేపిస్తుంది’ అని వాదించేవారున్నారు. ఆ సూత్రం దిశ చెబుతుంది, నిజమే. ఎంత దూరం జరుగుతుందో చెప్పదు. ఆరువందల రెట్లకీ ఏడు రెట్లకీ మధ్య తేడా ఆ సూత్రంలో లేదు, లబ్ధంలో ఉంది. ఇంకొక అభ్యంతరం దీనికంటే బలమైనది. సిల్వర్ క్లోరైడ్‌కు క్లోరైడ్ కలుపుతూ పోతే మొదట కరిగేది తగ్గినా, గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది మళ్లీ ఎక్కువ కరుగుతుంది. మరి ఉమ్మడి అయాన్ సూత్రం ఓడిపోయినట్టేనా? లేదు. అక్కడ వెండి అయాన్ మరిన్ని క్లోరైడ్‌లతో కలిసి సంక్లిష్ట అయాన్‌గా మారుతోంది. విడి వెండి అయాన్లు తగ్గుతూనే ఉన్నాయి, లబ్ధం అలాగే ఉంది. వెండి వేరే రూపంలో నీటిలోకి చేరుతోంది. కదలనిది లబ్ధమే, కరిగేది కాదు అన్న మాట ఇక్కడా నిలుస్తుంది. అయితే లబ్ధంలోకి ఏ అయాన్లు వస్తాయో, రాకుండా పోయినవి ఏవో చూసుకోవాలన్న హెచ్చరిక కూడా ఇందులో ఉంది.

ఇప్పుడు బావి దగ్గరికి వెళదాం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది, అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల నుంచి. గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. ఆ రాళ్ల పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. ఎంత వరకు దిగగలదన్న హద్దును చాలాచోట్ల గీసేది కాల్షియం ఫ్లోరైడ్ లబ్ధమే. నీటిలో లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం, అంటే 0.0010 మోలార్ ఉందనుకోండి. అప్పుడు [F⁻]² = 3.45×10⁻⁸, ఫ్లోరైడ్ 1.86×10⁻⁴ మోలార్, సుమారు 3.5 మిల్లీగ్రాములు. కాల్షియం 4 మిల్లీగ్రాములే ఉన్న నీటిలో ఇదే లెక్క చేస్తే 11 మిల్లీగ్రాములు దాటుతుంది. సబ్బు బాగా నురగ వచ్చే మృదుజలం మంచిదన్న నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది: కాల్షియం లేని, సోడియం బైకార్బొనేట్ ఎక్కువున్న నీరే ఎక్కువ ఫ్లోరైడును పట్టి ఉంచగలదు. ఆ బైకార్బొనేట్ కాల్షియాన్ని కార్బొనేట్‌గా దించేస్తుంది, ఫ్లోరైడును ఆపే ఉమ్మడి అయాన్ లేకుండా పోతుంది. నీటిని మరిగించడం కూడా ఇదే కారణంగా పనికిరాదు. మరిగిస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. కాల్షియం తగ్గుతుంది, నీరు ఆవిరై ఫ్లోరైడ్ గాఢత పెరుగుతుంది.

అలాంటప్పుడు నీటిలో సున్నం కలిపి కాల్షియం పెంచితే ఫ్లోరైడ్ దిగిపోదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. దిగుతుంది, కానీ మనకు కావలసినంత దిగదు. ఇక్కడే పక్కన రాసిపెట్టుకున్న 7.8 పనికొస్తుంది. ఫ్లోరైడుకు సరిగ్గా సరిపడా కాల్షియం మాత్రమే కలిపితే నీరు చేరేది ఆ హద్దుకే. లీటరుకు వందల మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండే పరిశ్రమ వ్యర్థజలాలకు సున్నం వేయడంలో అర్థముంది. 3 మిల్లీగ్రాములున్న బావినీటికి అలా వేస్తే ఒక్క రేణువు కూడా దిగదు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతి. ఆ 1.5 కి దించాలంటే ఎంత కాల్షియం కావాలో లెక్కించండి. 1.5 మిల్లీగ్రాములు అంటే 7.9×10⁻⁵ మోలార్. దాని వర్గం 6.2×10⁻⁹. లబ్ధాన్ని దానితో భాగిస్తే కాల్షియం 0.0055 మోలార్, లీటరుకు సుమారు 220 మిల్లీగ్రాములు. తాగునీటిలో కాల్షియానికి గరిష్ఠ అనుమతి 200. పైగా ఈ 220 అన్నది కాగితం మీది సంఖ్య. నీటిలో అయాన్లు చిక్కబడేకొద్దీ ఒకదాన్నొకటి ఆకర్షించుకుని, గాఢత చెప్పినంత చురుకుగా ప్రవర్తించవు. ఆ సవరణ వేస్తే అవసరమైన కాల్షియం రెండు మూడు రెట్లవుతుంది. సున్నంతోనే అంత కాల్షియం తేవాలంటే నీటి పీహెచ్ 12 దగ్గరికి పోతుంది. దాన్ని కార్బన్ డయాక్సైడుతో దించబోతే, కష్టపడి కలిపిన కాల్షియం కార్బొనేట్‌గా అడుగుకు చేరుతుంది. వర్గమూలం వల్ల కాల్షియం దెబ్బ నెమ్మదిగా పడుతుందని పైన చూసిన లెక్క ఇక్కడ ఊరి నీటి సమస్యగా కనిపిస్తోంది. అందుకే నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో ప్రధాన పాత్ర పటికది. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ గుజ్జు ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. అందులో వేసే సున్నం, పటిక వల్ల పడిపోయే క్షారతను నిలబెట్టడానికి. కాల్షియం ఫ్లోరైడ్‌గా దించడానికి కాదు.

ఈ అధ్యాయాన్ని మీ చేతిలో ఉన్న కాగితం మీద ఒకసారి పరీక్షించి చూడండి. ఊరి బోరునీటికి పరీక్ష చేయించినప్పుడు ఇచ్చే నివేదికలో కాల్షియం, ఫ్లోరైడ్ లీటరుకు మిల్లీగ్రాముల్లో రాసి ఉంటాయి. వాటిని అలాగే లబ్ధంలో పెట్టకండి, ముందు మోల్‌లలోకి మార్చండి: కాల్షియాన్ని 40 తోనూ ఫ్లోరైడును 19 తోనూ భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగించండి. కాఠిన్యాన్ని ‘కాల్షియం కార్బొనేట్‌గా’ అని రాసి ఉంటే 40 కి బదులు 100 తో భాగించాలి, అది కూడా కాల్షియం కాఠిన్యమైతేనే. మొత్తం కాఠిన్యంలో మెగ్నీషియం కూడా కలిసి ఉంటుంది. ఉదాహరణకు కాల్షియం 40, ఫ్లోరైడ్ 3 అని ఉంటే గాఢతలు 0.0010, 1.58×10⁻⁴, అయాన్ల లబ్ధం 0.0010 × (1.58×10⁻⁴)² = 2.5×10⁻¹¹. ఇది 3.45×10⁻¹¹ కంటే తక్కువ. అంటే ఆ నీరు ఇంకా సంతృప్తం కాలేదు. రాయిలో ఖనిజం మిగిలి ఉంటే ఇంకా కరిగించుకోగలదు, తనంతట తానుగా ఏమీ దించదు. లబ్ధం లోపల ఉంది కదా అని ఆ నీరు తాగదగినదని అనుకోవద్దు. అందులో ఉన్న 3 మిల్లీగ్రాములు అనుమతించిన గరిష్ఠ పరిమితికి రెట్టింపు.